తడిగుడ్డ మెయిళ్లు

ఆఫీసు మెయిళ్లలో "జెంటిల్ రిమైండర్" అని కనిపిస్తే, అందులో జెంటిల్ ఒక్కటే ఉండదు. "యాజ్ పర్ మై ట్రెయిలింగ్ మెయిల్" అంటే "కళ్లు దొబ్బాయా, కింద చదువు" అని. "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్" అంటే "ఏం చెయ్యాలో నాకూ తెలియదు, చెయ్యకపోతే మాత్రం తప్పు నీది" అని. ఇన్ని తిట్లు తిట్టి, చివర్లో "వార్మ్ రిగార్డ్స్" అని సంతకం. తడిగుడ్డతో గొంతు కోయడం మనకు పాత విద్యే. ఇప్పుడు దాన్ని "ప్రొఫెషనల్ లాంగ్వేజ్" అని పిలుస్తున్నారు, అంతే తేడా.

ఈ ప్రొఫెషనల్ గౌరవం ఎలా పుడుతుందో చూడటానికి ఒక ఊహాచిత్రం గీసుకుందాం. కేసముద్రం చుట్టుపక్కల ఎరువుల డీలర్ల దగ్గరికి తిరిగే ఒక కంపెనీ ఫీల్డ్ ఆఫీసరు ఉన్నాడు. వరంగల్ ఆఫీసులో ఒక మేడమ్ కూర్చుని లెక్కలు చూస్తుంది. సోమవారం ఆమె మెయిల్ పెట్టింది: "డీలర్ల స్టాక్ వివరాలు పంపగలరు." ఎప్పటికి పంపాలో లేదు. గోదాములో కళ్లకు కనిపించే బస్తాల లెక్కా, ఈపాస్ మెషీన్ చూపించే లెక్కా అన్నదీ లేదు. ఎరువుల వ్యాపారంలో ఈ రెండూ వేరు వేరు. రైతు వేలిముద్ర వేసి కొన్నప్పుడే మెషీన్‌లో నిల్వ తగ్గుతుంది. సిగ్నల్ లేకో, రద్దీలో తర్వాత ఎక్కిద్దామనుకునో బస్తాలు ముందు కదిలిపోతే రెండు లెక్కలూ కలవవు. మన ఆఫీసరుకు ఒక దుకాణంలో 14 బస్తాల యూరియా తేడా వచ్చింది. అది తేలాక ఒకేసారి పంపుదామని ఆగాడు. ఆగుతున్నానని ఎవరికీ చెప్పలేదు.

బుధవారం "జెంటిల్ రిమైండర్" వచ్చింది. శుక్రవారం "సోమవారం నుంచి పలుమార్లు కోరినప్పటికీ" అంటూ మరొకటి. ఈసారి సీసీలో ఏరియా మేనేజరు కూడా ఉన్నాడు. పలుమార్లు అంటే రెండుసార్లు. ఆఫీసరు ఊరుకుంటాడా? "ఫోన్‌లో ఇదివరకే తెలియజేసిన విధంగా, ఫీల్డ్ పరిస్థితులు అర్థం చేసుకోగలరని ఆశిస్తున్నాను" అని జవాబిచ్చాడు. ఫోన్‌లో తెలియజేసింది ఏమీ లేదు. ఆశ కూడా లేదు. నాలుగు మెయిళ్లు తిరిగాయి. 14 బస్తాల మాట మాత్రం ఒక్కదాంట్లోనూ రాలేదు.

అసలు విత్తనం శుక్రవారం మెయిల్‌లో లేదు, సోమవారం మెయిల్‌లో ఉంది. గడువు రాయకుండా అడిగిన పని ఏ రోజుకు ఆలస్యమవుతుందో ఎవరికీ తెలియదు. అడిగిన మనిషి మనసులో మాత్రం ఒక గడువు ఉంటుంది. అది దాటగానే కోపం మొదలవుతుంది. రాయని గడువు దాటావని తిట్టడం కుదరదు కాబట్టి ఆ కోపం పలుమార్లు, ఇదివరకే, దయచేసి అనే మాటల చాటుకు పోతుంది. ఇక సీసీ చేరాక మెయిల్ చిరునామా ఒకరిది, పాఠకుడు మరొకడు. మేడమ్ రాస్తున్నది ఆఫీసరుకు కాదు, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఫైలుకు. సర్కారు కొలువుల్లో ఇది కొత్తదేం కాదు. "ఇదివరలో పలు జ్ఞాపికలు జారీ చేసినప్పటికీ", "తీవ్రంగా పరిగణించబడును" అని మెమోలు రాసిన చేతులే ప్రైవేటు కంపెనీల్లో కొత్తతరానికి దస్తూరీ నేర్పాయనిపిస్తుంది. అయితే మెమోలో బెదిరింపు బెదిరింపులాగే ఉండేది. ఆ మేరకు అదే నిజాయితీ.

ఈ తీరుకు పెట్టిన పాసివ్ అగ్రెసివ్ అన్న పేరు కూడా పెద్ద ఉత్తర్వుల లోకం నుంచే వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసే 1945లో అమెరికా సైన్యపు వైద్య విభాగం ఈ పేరు వాడింది. ఆజ్ఞను ఎదిరించకుండా, అలాగని పాటించకుండా, మూతి ముడుచుకుని పని నీరుగార్చే సైనికుల గురించి. వాళ్లకు మెయిల్ లేదు పాపం.

రాసేవాళ్ల వాదన ఒకటుంది: "నేను మర్యాదగానే రాశాను, వాళ్లే తప్పుగా తీసుకున్నారు." దీన్ని 2005లో అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వారి సహచరులు పరీక్షించారు. కొన్ని వాక్యాలు వ్యంగ్యంగా, కొన్ని మామూలుగా మెయిల్‌లో పంపించి, చదివేవాళ్లు ఏది ఏదో పోల్చగలరా అని చూశారు. నూటికి 78 సార్లు పోలుస్తారని రాసినవాళ్లు ధీమాగా చెప్పారు. పోల్చింది 56 సార్లు. బొమ్మా బొరుసా వేసుకున్నా 50 వస్తుంది. రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతుంది, అది మెయిల్‌తో పాటు పోదు. కాబట్టి నిజంగా మర్యాదగా రాసిన "జెంటిల్ రిమైండర్" కూడా అవతల చురకలాగే దిగవచ్చు. 2018లో అడోబీ కంపెనీ అమెరికా ఉద్యోగులను అడిగితే, అన్నిటికన్నా చిరాకు పెట్టే మాటగా తేలింది "నా గత మెయిల్ మీరు చూశారో లేదో" అన్నదే. చూశాడని తెలిసే అడిగే ప్రశ్న అది.

అదే మేడమ్, అదే ఆఫీసరు కేసముద్రం స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఎదురుపడితే ఏమయ్యేది? "ఆ స్టాక్ లెక్క ఇంకా పంపలేదేందన్నా? రేపు పొద్దుగాల్ల మీటింగుంది." "ఒక దుకాణంల 14 బస్తాలు కలుస్తలేవు మేడమ్, మిగతాయి ఇయ్యాల పంపుత." అయిపోయింది. ఇందులో "ఇదివరకే" లేదు, "పలుమార్లు" లేదు. పని ఉంది, గడువు ఉంది, ఎందుకో ఉంది. మెయిల్‌కు కావలసింది కూడా ఇంతే.

సోమవారం మెయిల్ ఇలా ఉంటే చాలు: "గోదాము నిల్వ, ఈపాస్ నిల్వ రెండూ దుకాణం వారీగా గురువారం సాయంత్రం 5 లోపు కావాలి. శుక్రవారం ఉదయం మీటింగ్‌లో చూపించాలి. ఏదైనా లెక్క తేలకపోతే తేలినంత వరకు పంపండి." గురువారం 5 దాటితే: "స్టాక్ లెక్క ఇంకా నాకు రాలేదు. దేనికి ఆగింది? ఈరోజు ఎంతవరకు పంపగలరు?" ఇక్కడ "నాకు రాలేదు" అన్నది నిజం. "మీరు పంపలేదు" అన్నది ఊహ. సర్వర్ మింగి ఉండవచ్చు. పాత మెయిల్ గుర్తు చెయ్యాలంటే "నా గత మెయిల్ ప్రకారం" అని వేలు చూపించే బదులు, అందులోని ఆ ఒక్క వాక్యం మళ్లీ రాస్తే సరిపోతుంది. పది సెకన్ల పని. అహానికి మాత్రం పెద్ద నష్టం.

నిజమైన ఆపదలోనూ ఇలాంటి పొడి మాటలే సరిపోతాయి. 2024 సెప్టెంబర్ 1న భారీ వానకు ఇంటికన్నె–కేసముద్రం మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. అప్పుడు దక్షిణ మధ్య రైల్వే ప్రకటనల్లో ఉన్నది రైలు నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తేదీ, రద్దా దారి మళ్లింపా అన్నదే. స్టేషన్లలో వినిపించే "చింతిస్తున్నాము" రికార్డును కాసేపు పక్కన పెడితే, అంత గందరగోళంలో ప్రయాణికుడికి పనికొచ్చింది ఆ పొడి మాటలే. స్టాక్ లెక్క ఒకరోజు ఆలస్యమైతే వచ్చే విపత్తు దీనికన్నా పెద్దదా?

మాటలు మారిస్తే మనసు మారిపోతుందని మాత్రం ఎవరూ అనుకోనక్కర్లేదు. ఎంత శుభ్రమైన వాక్యమైనా, కింద బాస్ పేరు చడీచప్పుడు లేకుండా చేరిస్తే అది పాత చురకే. నిజంగా జవాబివ్వని మనుషులూ ఉంటారు. వాళ్లకు మూడో మెయిల్ దండగ, ఫోన్ చెయ్యాలి. ఫోన్‌కూ దొరక్కపోతే పైకి చెప్పడం తప్పు కాదు, చాటుగా చెప్పడమే తప్పు. "గురువారానికి అడిగిన లెక్క రాలేదు, ఇందాక రెండుసార్లు ఫోన్ చేశాను, కలవలేదు. మీటింగ్ రేపు కాబట్టి మేనేజరు గారిని ఇందులో చేరుస్తున్నాను" అని ఆ మనిషికే, ఆ మెయిల్‌లోనే రాయవచ్చు. ఇందులో ప్రతి ముక్కా రుజువు చూపించగలిగేదే. మేనేజరు కూడా దాన్ని చదివి ఎవరి వైపు నిలబడాలా అని ఆలోచించే పనిలేకుండా, నేరుగా ఆ 14 బస్తాల సంగతి అడుగుతాడు.