డెలివరీ తేదీ గురించి కౌంటరు దగ్గర వినకూడని సలహాలు

టైల్స్ షాపులో కొత్తగా చేరిన సేల్స్ కుర్రాడికి సీనియర్లు ముందుగా నేర్పేది సరుకు గురించి కాదు, తేదీ గురించి. "పార్టీ ఏ తేదీ అడిగినా సరే అను, తర్వాత చూసుకుందాం" అంటారు. ఈ సలహాలు ఇచ్చేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఆర్డరు చేజారకూడదనే చెప్తారు. కానీ ఆ మాట విన్న షాపు వల్ల ఎక్కడో ఒక ఇంట్లో మేస్త్రీ, ఇద్దరు హెల్పర్లు రోజంతా ఖాళీగా కూర్చుంటారు. ఇసుక, సిమెంటు దిగి ఉంటాయి, టైల్స్ మాత్రం రావు. గృహప్రవేశం ముహూర్తం మన లారీ కోసం ఆగదు. అందుకే ఈ సలహాల్లో తప్పు ఎక్కడుందో అంకెలు వేసి చూపిస్తున్నాను.

"గోడౌన్‌లో ఉంది కదా, ఇచ్చేస్తామని చెప్పెయ్"

అన్నిటికంటే ఎక్కువ వినపడే సలహా ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఒక లెక్క అనుకుందాం. రెండడుగుల బై నాలుగడుగుల విట్రిఫైడ్ టైల్, ఒకే డిజైను. బాక్సుకు రెండు పలకలు, అంటే దాదాపు 15.5 చదరపు అడుగులు. ఇవాళ 3వ తేదీ. గోడౌన్‌లో 140 బాక్సులున్నాయి. వెయ్యి చదరపు అడుగుల ఇల్లు కట్టుకుంటున్న ఆయన వచ్చి, కటింగు వేస్టుతో కలిపి 70 బాక్సులు 7వ తేదీకి కావాలన్నాడు. 140 ఉన్నాయి, 70 అడిగాడు. ఎవరైనా సరేనంటారు.

కానీ ఆ 140లో చాలావాటి మీద ఇప్పటికే మాట ఇచ్చేశాం. 5వ తేదీకి ఒకరికి 60, 14కి ఇంకొకరికి 40, 18కి మరొకరికి 100 పంపాలి. మోర్బీ నుంచి 120 బాక్సుల లోడు 10వ తేదీకి దిగుతుంది. ఇంకో 150కి ఆర్డరు పెట్టాం, అది 25న వస్తుందని అంచనా. వీటన్నిటినీ తేదీల వరసలో పెట్టి నిల్వ రాసుకుంటే ఇలా వస్తుంది:

5వ తేదీ: 140 − 60 = 80
10వ తేదీ: 80 + 120 = 200
14వ తేదీ: 200 − 40 = 160
18వ తేదీ: 160 − 100 = 60
25వ తేదీ: 60 + 150 = 210

ఏటీపీ, అంటే అవైలబుల్ టు ప్రామిస్ అని సాఫ్ట్‌వేర్‌వాళ్లు చెప్పేది ఈ వరసలోనే ఉంది. కొత్త పార్టీ అడిగిన తేదీ దగ్గర వేలు పెట్టి, అక్కడి నుంచి కిందికి చూస్తూ వెళ్లాలి. ఆ వరసలో అన్నిటికంటే తక్కువ నిల్వ ఎంతో, మనం మాట ఇవ్వగలిగింది అంతే. 7వ తేదీన చేతిలో 80 ఉన్నట్టు కనిపిస్తుంది. కిందికి చూస్తే 18 దగ్గర 60కి పడిపోతోంది. కాబట్టి 7కి ఇవ్వగలిగింది 60. ఆయనకు 70 పంపేస్తే 7న ఎవరికీ ఏమీ తెలియదు, 14న కూడా తెలియదు. 18వ తేదీ పార్టీకి లారీ ఎక్కించేటప్పుడు పది బాక్సులు తక్కువని బయటపడుతుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు, నింద గోడౌన్ కుర్రాడి మీద పడుతుంది.

ట్యాలీలో ఆర్డర్లు ఎక్కించే షాపుల్లో Reorder Status రిపోర్టు చూసుకుంటారు. అందులో ఉన్న స్టాకు, రావలసిన కొనుగోళ్లు, పంపవలసిన ఆర్డర్లు కలిపి Nett Available అని చూపిస్తుంది. వట్టి స్టాకు చూడటం కన్నా ఇది ఎంతో మేలు. కానీ ఆ కాలమ్‌కు తేదీల వరస తెలియదు. మన లెక్కలో అది 210 చూపిస్తుంది. 25న వచ్చే 150 కూడా అందులో కలిసిపోయింది కాబట్టి, 7కి కావాలన్న మనిషికి ఆ 210 చూసి మాట ఇస్తే మునుగుతాం. బాగా కదిలే ఇరవై ముప్పై డిజైన్లకు మాత్రం తేదీల వరస విడిగా ఒక షీటులో పెట్టుకోవాలి. రోజూ పొద్దున పది నిమిషాల పని అది.

"డిజైను ఒకటే కదా, ఏ బాక్సయితే ఏంటి"

టైల్స్‌లో లెక్క 60 దగ్గర ఆగదు. ఒకే డిజైను అయినా మట్టి కలిపిన తీరు, గ్లేజు, బట్టీ వేడి బ్యాచికీ బ్యాచికీ కొద్దిగా మారతాయి, రంగు ఒక పిసరు అటూ ఇటూ అవుతుంది. అందుకే బాక్సు మీద షేడు నంబరు వేస్తారు. రెండు షేడులు ఒకే హాల్లో వేస్తే కిటికీ వెలుతురు పడగానే గీత గీసినట్టు తెలిసిపోతుంది. వేసిన టైల్‌ని పగలగొట్టడం తప్ప దారి ఉండదు.

మన 140 బాక్సుల్లో పాత షేడువి 95, ఇంకో షేడువి 45 అనుకుందాం. 10న వచ్చే 120 మూడో షేడు. ప్రతి పార్టీకీ ఒకే షేడు ఇవ్వాలి. 5వ తేదీ 60 ఆర్డరు 95లో నుంచే పోవాలి, 35 మిగులుతాయి. 18వ తేదీ 100 ఆర్డరు కొత్త లోడు నుంచే పోవాలి, 20 మిగులుతాయి. 14వ తేదీ 40 ఆర్డరుకు 45 ఉన్న షేడు ఒక్కటే సరిపోతుంది, 5 మిగులుతాయి. 35, 5, 20 కలిపితే 60. వరసలో వచ్చిన అంకె ఇదే. కానీ ఆ మూడింటినీ కలిపి ఎవరికీ ఇవ్వలేం. ఒకే షేడులో మాట ఇవ్వగలిగింది 35 బాక్సులే.

140 అన్నది 60 అయింది, 60 అన్నది 35 అయింది. ఈ లెక్క చూసిన సేల్స్ మనిషి ఆయనతో ఇలా చెప్పాలి: "సార్, 7వ తేదీకి ఒకే షేడులో 35 బాక్సులు పంపగలం. రెండు బెడ్‌రూములకు సరిపోతాయి. హాలుకు మిగతా 35 బాక్సులు 25న రావలసిన లోడులో ఇంకో షేడు నుంచి ఇస్తాం, 27కి అందుతుందని అంచనా. ఇల్లంతా ఒకే షేడు కావాలంటే 70 కూడా 27కే. గృహప్రవేశం అంతకన్నా ముందే ఉంటే వేరే డిజైను చూపిస్తాను." ఆర్డరు పోతుందని భయపడనక్కర్లేదు. అసలు ఆయనకు కావలసింది తేదీ. దాన్ని బట్టి మేస్త్రీని పిలుచుకుంటాడు.

"ఆర్డరు పెట్టాం, వచ్చేస్తుంది"

ఫ్యాక్టరీకి ఆర్డరు పెట్టడం వేరు, లారీ బయల్దేరడం వేరు. ఫ్యాక్టరీ ఒక డిజైనును రోజూ తీయదు. తయారైన సరుకు లేకపోతే మన ఆర్డరు తర్వాతి ఉత్పత్తి వంతు దాకా ఆగుతుంది. కాబట్టి వరసలో రాసే ప్రతి లోడు పక్కనా అది ఏ దశలో ఉందో రాసుకోవాలి: ఆర్డరు మాత్రమే పెట్టామా, ఫ్యాక్టరీలో సరుకు సిద్ధంగా ఉందన్నారా, ఎల్ఆర్ నంబరు, ఈ-వే బిల్లు చేతికి వచ్చాయా. చివరి దశకు వచ్చిన లోడు మీదే ఖాయమైన తేదీ ఇవ్వాలి. మన లెక్కలో 10వ తేదీ లోడుకు ఎల్ఆర్ వచ్చేసింది. 25 లోడుకు రాలేదు. అందుకే 27ను అంచనా అన్నాం. "లోడు అయ్యిందో లేదో 18కల్లా ఫోన్ చేసి చెప్తాను" అని కూడా ఆయనకు చెప్పి, ఆ ఫోన్ తప్పకుండా చెయ్యాలి. లోడు దిగాక పగిలిన బాక్సులు తీసేసి, షేడు నంబర్లు చూసుకోవడానికి ఒక రోజు పడుతుంది. లారీ వచ్చే రోజునే డెలివరీ రోజుగా చెప్పకూడదు.

"అడిగినవాళ్లందరికీ పక్కన పెట్టు"

దీనికి ఎదురు సలహా కూడా ఉంది: "ఎవరికీ పక్కన పెట్టకు, ముందొచ్చినవాడిదే సరుకు." రెండూ తప్పే. ఎవరికీ పెట్టకపోతే 18వ తేదీ పార్టీ అడ్వాన్సు ఇచ్చి కూడా ఖాళీ చేతులతో వెళ్తాడు. అందరికీ పెడితే, కొటేషన్ పట్టుకెళ్లి మళ్లీ కనపడనివాళ్ల పేర్ల మీద సగం గోడౌన్ ఆగిపోతుంది. కొనడానికి వచ్చినవాడికి లేదనాల్సి వస్తుంది.

కొటేషన్‌కి రిజర్వు వద్దు. నోటిమాట మీద అడిగితే రెండు రోజులు, ఫలానా రోజు సాయంత్రం తీసేస్తామని ముందే చెప్పి పెట్టాలి. అడ్వాన్సు వచ్చాక గట్టి రిజర్వు, షేడు నంబరుతో సహా. తర్వాత దాన్ని యజమాని ఒక్కరే, అదీ ఆ పార్టీతో మాట్లాడాకే, మార్చాలి. దూరపు తేదీల ఆర్డర్లకు ఇవాళ గోడౌన్‌లో ఉన్న బాక్సులు కట్టేయకూడదు, వచ్చే లోడులో నుంచి కట్టాలి. మన లెక్కలో 18వ తేదీ 100కి చేసింది అదే.

ట్యాలీలో కొందరు రిజర్వు సరుకును వేరే గోడౌన్ పేరు మీదికి స్టాక్ జర్నల్‌తో మారుస్తారు. మంచి పద్ధతే, కానీ ఒక ప్రమాదముంది. మెయిన్ గోడౌన్‌లో మిగిలిన స్టాకు చూసి, అందులోంచి మళ్లీ పెండింగు ఆర్డర్లు తీసేస్తే ఒకే ఆర్డరు రెండుసార్లు పోతుంది. సరుకు ఉండి కూడా లేదంటాం. వేరే గోడౌన్‌కి మార్చిన ఆర్డర్లను ఆ లెక్కలో మళ్లీ తీయకూడదు.

"లేటైతే తేదీ మార్చెయ్"

ఆర్డరులో డెలివరీ తేదీ మీదే కొత్త తేదీ కొట్టేస్తే నెలాఖరు రిపోర్టులో అన్నీ టైముకే వెళ్లినట్టు కనిపిస్తాయి. ఎక్కడ తప్పుతున్నామో ఎప్పటికీ తెలియదు. మొదట చెప్పిన తేదీ ఒక కాలమ్‌లో మార్చకుండా ఉండాలి, అసలు పంపిన తేదీ దాని పక్కన ఉండాలి. నెలకోసారి ఆ రెండూ పక్కపక్కన చూస్తే ఆలస్యం లోడుల వల్లా, షేడు వల్లా, రిజర్వు తీసి ఇంకొకరికి ఇవ్వడం వల్లా అన్నది తెలిసిపోతుంది. ప్రతి తేదీకీ కళ్లు మూసుకుని నాలుగు రోజులు కలిపి చెప్పే అలవాటు దీనికి మందు కాదు. ముందే పంపేస్తే సరుకు పెట్టుకోవడానికి ఆ ఇంట్లో చోటుండదు, ఆలస్యమైతే ఆ నాలుగు రోజులూ చాలవు.

షాపు యజమానులను ఒకటి అడుగుతున్నాను. లోడుల పుస్తకం, రిజర్వు పుస్తకం, షేడువారీ స్టాకు మీ క్యాబిన్లో మాత్రమే ఉంచకండి, కౌంటరు మీద ఉంచండి. అవి చూపించకుండా కుర్రాణ్ని తేదీ చెప్పమంటే, ఆ తేదీ తప్పినప్పుడు తప్పు మీదే.