ఎవరి చేత్తో చేయాలో చెప్పలేదు కదా!

ఆగస్టు ఆఖరి వారంలో మా అమ్మాయి బడి నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. నాలుగే నాలుగు ముక్కలు. టీచర్స్ డేకి ఎవరూ ఖరీదైన బహుమతులు తేవద్దు. డబ్బు, గిఫ్ట్ కార్డులు, బంగారం, వెండి పుచ్చుకోం. ఇవ్వాలనే ఉంటే పిల్లలు చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డు చాలు. సహకరించగలరు.

ఇంత తేటగా రాసిన కాగితం మనవాళ్ల చేతిలో పడి బతికి బట్టకట్టడం కష్టం. సాయంత్రం ఆరున్నరకల్లా మూడో తరగతి బి సెక్షన్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో భాష్యాలు మొదలయ్యాయి. రాత్రి భోజనాల వేళకి ద్వైతం, అద్వైతం, విశిష్టాద్వైతం మూడూ పుట్టాయి. బహుమతి వేరు, కృతజ్ఞత వేరు, సర్క్యులర్ ఆపింది మొదటిదాన్నే అని ఒకరు. రెండూ ఒకటే కాబట్టి ఆపడానికి బడి ఎవరు అని ఇంకొకరు. ఖరీదు ఉన్నమాట నిజమే గానీ ముప్ఫై ఎనిమిది మందికి పంచితే అది ఖరీదు కాకుండా పోతుందని మూడోవారు. ఈ మూడోవారు ఆడిటర్. గెలిచిందీ ఆయనే.

తలకి మూడొందలు. ముప్ఫై ఎనిమిది ఇళ్లు. మొత్తం 11,400 రూపాయలు. "మూడొందలకి ఈరోజుల్లో పిజ్జా కూడా రాదండీ, అది ఖరీదెలా అవుతుంది?" అన్నారాయన. నిజమే. చీమ ఒక్కొక్కటే ఒక్కో పలుకు మోస్తుంది. పుట్ట మాత్రం ఎవరూ పెట్టలేదు.

ఆ డబ్బుతో పూజ సెట్టు కొనాలన్నారు: పళ్లెం, కుందులు, కుంకుమ భరిణె, గంట. వెండి వద్దన్నారు కదా అని నేను నోరు జారాను. "ఇది వెండి కాదండీ, జర్మన్ సిల్వర్" అని కోశాధికారమ్మ వెంటనే సరిదిద్దారు. చూస్తే ఆవిడ మాటే నిజం. రాగి, నికెల్, జింకు కలిపి కరిగించిన లోహమది, అందులో రవ్వంత వెండి ఉండదు. పేరులో వెండి, ఒంట్లో నికెల్. సర్క్యులర్‌లోని ప్రతి అక్షరాన్నీ గౌరవిస్తూ దాని ప్రాణం తీయడానికి ఇంతకన్నా తగిన లోహం భూగర్భంలో లేదు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. నవ్వు ఆగింది జాబితా దగ్గర. మీరూ చూసే ఉంటారు, గ్రూపులో పిల్లల పేర్లు వరస నంబర్లతో పెడతారు, డబ్బు వేసినవాళ్లు తమ పేరు పక్కన పచ్చ టిక్కు పెట్టి మళ్లీ అతికిస్తారు. అడిగేవాళ్లు ఎవరూ ఉండరు, అంతా స్వచ్ఛందం. మూడో రోజుకి ముప్ఫై ఏడు టిక్కులు పడ్డాయి. ముప్ఫై నాలుగో నంబరు పక్కన ఖాళీ. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ జాబితానే మరో నాలుగుసార్లు అతికించారు, "అందరికీ థాంక్స్" అని ఒక దండం బొమ్మతో. చివరికి ఆ తల్లి "జీతం ఒకటో తారీకు పడుతుందండీ, పడగానే వేస్తాను" అని అంతమంది ముందు రాసుకోవాల్సి వచ్చింది. టీచరుకి కృతజ్ఞత చెప్పడానికి ఒక ఇల్లు తన బ్యాంకు నిల్వ చెప్పుకుంది.

ఇక చేత్తో చేసిన కార్డు. దీన్నీ వదల్లేదు మనవాళ్లు. సర్క్యులర్‌లో "పిల్లలు" అనే మాట ఉందని అందరూ మర్చిపోయి "చేత్తో" అన్నదొక్కటే పట్టుకున్నారు. మా ఎదురు ఫ్లాట్‌లో సెప్టెంబర్ 4 రాత్రి పదకొండింటికి లైటు వెలుగుతుంటే తలుపు తట్టాను. భోజనాల బల్ల మీద క్విల్లింగ్ కాగితాల చుట్టలు, కాలుతున్న గ్లూ గన్, ముత్యాల పొట్లం. తల్లి నెమలి పింఛంలో కళ్లు అతికిస్తోంది. తండ్రి పట్టకారుతో కాగితం చుడుతున్నాడు, ఆఫీసు కాల్‌లో మ్యూట్‌లో ఉండి. సామానుకి 640 రూపాయలు అయిందట. మరి పిల్లాడేడీ? నిద్రపోతున్నాడు. "వాడు ముట్టుకుంటే పాడుచేస్తాడండీ" అంది ఆవిడ. పొద్దున కార్డు కింద వాడి చేత పేరు రాయిస్తారట, అదీ పెన్సిల్‌తో గీసిచ్చిన అక్షరాల మీద.

ఇదేం పద్ధతని గ్రూపులో అడిగితే ఒకే జవాబు: గురుదక్షిణ మన సంప్రదాయం. సంప్రదాయం పేరెత్తాక కాళిదాసు రఘువంశాన్ని తలుచుకోకుండా ఎలా? అయిదో సర్గలో కౌత్సుడనే శిష్యుడున్నాడు. చదువు ముగించి గురువు వరతంతువు దగ్గరికి వెళ్లి దక్షిణ ఏమివ్వమంటారని అడిగాడు. ఇన్నాళ్లూ నాకు చేసిన సేవే చాలు పొమ్మన్నాడాయన. అంటే ఆ ఆశ్రమంలోనూ సర్క్యులర్ ఉంది. కౌత్సుడు మన ఆడిటర్‌గారికి పూర్వీకుడై ఉండాలి, వదల్లేదు. అడిగి అడిగి విసిగించాడు. గురువుకి ఒళ్లు మండి, నీకు పద్నాలుగు విద్యలు నేర్పాను కాబట్టి పద్నాలుగు కోట్లు తీసుకురా అన్నాడు. అప్పుడా శిష్యుడు రఘు మహారాజు దగ్గరికి పరుగెత్తాడు. ఆయనేమో విశ్వజిత్ యాగంలో ఉన్నదంతా దానం చేసేసి మట్టిపాత్రలో అర్ఘ్యం తెచ్చిచ్చే స్థితిలో ఉన్నాడు. చివరికి కుబేరుడు భయపడి బంగారం కురిపిస్తే గానీ వ్యవహారం తెమల్లేదు. ఆ కథలో దక్షిణ ఊసు ముందెత్తినవాడు గురువు కాదు. వద్దన్న గురువుకి కోపం తెప్పించినవాడు శిష్యుడు. సంప్రదాయం సంప్రదాయమంటున్నారే, అది ఏ పాత్రదో కూడా చూసుకోవాలి మరి.

పుచ్చుకునేవాళ్ల సంగతేమిటో కనుక్కుందామని విజయవాడలో మా వదినకి ఫోన్ చేశాను. ఆవిడ ప్రైవేటు బళ్లలో ఇరవై నాలుగేళ్లుగా పాఠాలు చెబుతోంది.

"మా ఇంట్లో ముప్ఫై ఒక్క మగ్గులున్నాయయ్యా. ముప్ఫై ఒక్కటీ నేనే ప్రపంచంలోకెల్లా గొప్ప టీచర్నని చెబుతాయి. మా స్టాఫ్‌రూంలో లెక్కల మేడం ఇంట్లోనూ అవే మగ్గులు. మాలో ఎవరు గొప్పో తేల్చుకోలేక కాఫీ స్టీలు గ్లాసుల్లో తాగుతున్నాం."

మరి చీరలు? ఈ మాట దగ్గర ఆవిడ గొంతు మారింది. ఒక ఏడాది ఓ తల్లి బలవంతాన మంచి చీర చేతిలో పెట్టి వెళ్లిందట. తర్వాత వారం యూనిట్ టెస్టులో ఆవిడ కొడుక్కి ఇరవై ఐదుకి పదకొండు. మర్నాడే ఆ తల్లి పేపరు పట్టుకొచ్చింది. చీర ఊసే ఎత్తలేదు. "ఒక్కసారి చూడండి మేడం" అని మాత్రం అంది. వదిన చూసింది. ఒక లెక్కకి నిజంగానే అర మార్కు రావాలి. మామూలు రోజైతే కలిపేసేది. ఆ రోజు కలపడానికి చెయ్యి రాలేదట. కలిపితే చీరకి కలిపినట్టు, మానితే చీరకి భయపడి పిల్లాడికి అన్యాయం చేసినట్టు. అర మార్కు కలిపింది గానీ చీర ఇప్పటికీ మడత విప్పలేదు.

ఖరీదైన బహుమతి చేసే పని అదే. పుచ్చుకున్నవాళ్లు లొంగిపోతారని కాదు, లొంగనివాళ్ల చేత కూడా ప్రతి మార్కునీ రెండుసార్లు తూకం వేయిస్తుంది.

మా బావమరిది బోస్టన్ దగ్గర ఉంటాడు. అక్కడ మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వ బడి టీచరు కూడా ప్రభుత్వోద్యోగే. ఒక ఇంటి నుంచి 50 డాలర్లు, ఆపైన విలువచేసే బహుమతి పుచ్చుకోకూడదు. తరగతంతా కలిసి ఇచ్చేదైతే 150 డాలర్ల దాకా ఒప్పుకుంటారు. కానీ ఒక మెలిక ఉంది: అది తరగతి పేరు మీదే ఇవ్వాలి, ఎవరిచ్చారో, ఎంతిచ్చారో టీచరుకి తెలియకూడదు. ఈ మెలిక మన గ్రూపులో ప్రవేశపెడితే ఏమవుతుందోనని ఊహించుకున్నాను. టిక్కుల జాబితా లేదు, పెట్టె మీద పేర్ల చీటీ లేదు, టీచరుతో ఫోటో లేదు. 11,400 కాస్తా ఏ నాలుగు వందల దగ్గరో ఆగిపోతుందని నా అనుమానం. ఆ నాలుగు వందలూ అసలైన కృతజ్ఞత. మిగతా పదకొండు వేలు పేరు నమోదుకి కట్టిన ఫీజు.

ఇంతకీ ఏమిస్తే బాగుంటుందని వదిననే అడిగాను. ఆవిడ దగ్గర పాత బిస్కెట్ డబ్బా ఒకటుంది, నిండా ఉత్తరాలు. అందులో తనకి బాగా నచ్చింది చదివి వినిపించింది. ఓ ఆటో డ్రైవరు రాసిన మూడు లైన్లు: మావాడికి చదవడం రాదని అందరూ అన్నారు, మీరు ఇంకా రాలేదు అన్నారట, నిన్న బస్సు మీది బోర్డు వాడే చదివాడు. అంతే. "ఇలాంటిది రాస్తే ఒక కాపీ ప్రిన్సిపల్‌కి కూడా ఇవ్వమను. నా ఫైల్లో పడుతుంది. ఇంక్రిమెంట్ అడిగేటప్పుడు మగ్గు చూపించలేను కదా" అంది. వస్తువే ఇవ్వాలంటే తరగతికి ఇవ్వమంది, నాలుగు వైట్‌బోర్డు మార్కర్లో, గది అలమరలోకి రెండు కథల పుస్తకాలో. మార్కర్లు అయిపోతే తను సొంత డబ్బుతోనే కొంటోందట. ఇంకో మాట కూడా చెప్పింది: ఏదిచ్చినా ఏప్రిల్‌లో, ఫలితాలొచ్చాక ఇవ్వండి. ఆ తర్వాత మార్కులూ ఉండవు, అనుమానమూ ఉండదు. సెప్టెంబర్‌లో పిల్లల చేత నోటితో థాంక్స్ చెప్పిస్తే చాలు.

సరే, ఏప్రిల్ దాకా ఎందుకు, ముందే రాసి పెట్టుకుందామని కూర్చున్నాను. "మేడం గారికి, మీరు మా అమ్మాయికి చేసిన..." అక్కడ కలం ఆగిపోయింది. ఏం చేసిందో నాకు తెలీదు. మూడొందలు పంపడానికి ఇరవై సెకన్లు పట్టింది గానీ, మూడు నెలల్లో ఆ టీచరు చేసిన ఒక్క పని రాయడానికి అరగంటైనా రాలేదు. మా అమ్మాయిని పిలిచి అడిగాను. అది ఏమాత్రం ఆలోచించకుండా చెప్పింది: "నాకు తొమ్మిదో ఎక్కం దగ్గర ఏడుపొస్తే, టీచర్ తనక్కూడా చిన్నప్పుడు వచ్చేది కాదని చెప్పి వేళ్ల మీద చేయడం నేర్పించింది నాన్నా." పది వేళ్లూ చాపి, నాలుగో వేలు మడిచి, ఇటు మూడు, అటు ఆరు, ముప్ఫై ఆరు అని చూపించింది కూడా.

అదే రాశాను. నాలుగు లైన్లు వచ్చింది. కింద అది తన పేరు రాసి, పక్కన పది వేళ్లున్న చెయ్యి ఒకటి గీసింది. ఒకే చేతికి పది వేళ్లు. సరిదిద్దబోయి ఆగాను.

కవరు అతికిస్తుంటే ఫోన్ మోగింది. గ్రూపులో కోశాధికారమ్మ: "పూజ సెట్టు మేడం వెనక్కి పంపించేశారండీ. ఆడిటర్‌గారూ, పువ్వుల బొకే అయితే సర్క్యులర్ కిందకి వస్తుందంటారా?"