గుర్రానికి మాఫీ, మిరపకాయకు వడ్డీ

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపే షావుకారుకు ఆదాయపు పన్ను శాఖ ఏటా ఓ జ్యోతిష్య పరీక్ష పెడుతుంది. మార్చి ఆఖరుకు నీకు ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పు, జూన్ 15 లోపు దాని మీద పన్నులో 15 శాతం కట్టు అంటుంది. సెప్టెంబరు 15కి అది 45 శాతం కావాలి, డిసెంబరు 15కి 75, మార్చి 15కి నూటికి నూరు. టీడీఎస్ పోను ఏడాది పన్ను 10,000 రూపాయలు తేలే దాదాపు ప్రతి వ్యాపారికీ ఈ పరీక్ష తప్పదు.

జూన్ 15న మిరప ఎక్కడుంటుంది? విత్తనం ప్యాకెట్టులో ఉంటుంది. సెప్టెంబరు 15కి నారు నల్లరేగడిలో వేళ్లూనుకుంటూ ఉంటుంది. డిసెంబరు 15కి చెట్టు మీద కాయ ఉంటుంది. కొత్త సరుకు టిక్కీలకెత్తి యార్డుకు పోటెత్తేది సంక్రాంతి దాటాకే. ఆ పాటికి దాని కమీషన్ మీద ముప్పాతిక పన్ను ఖజానాకు చేరి ఉండాలట. పత్తి దళారి కాస్త నయం, తీతలు అక్టోబరు నుంచే మొదలవుతాయి కాబట్టి డిసెంబరుకు ఏదో ఒక అంకె చెప్పగలడు. మిర్చివాడు చెప్పాలంటే దిగుబడి తెలియాలి, తామర పురుగు దయ తెలియాలి, అన్నిటికీ మించి ధర తెలియాలి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. కమీషన్ అనేది సరుకు విలువలో వాటా, ధర కూలితే అదీ కూలుతుంది. ఆ పతనాన్ని ముందటి జూన్‌లోనే పసిగట్టగల మహానుభావుడు యార్డులో ఉంటే, పొద్దున్నే వచ్చి కాటా దగ్గర ఎందుకు నిలబడతాడు?

పక్క కొట్టువాడి సంగతి చూడండి. ఆయన సొంతానికి మిర్చి కొని అమ్ముతాడు, టర్నోవరు 2 కోట్ల లోపు. 44ఏడీ కింద అంచనా లాభం చూపించుకుని మొత్తం పన్నూ మార్చి 15న ఒక్కసారే కడతాడు. కమీషన్, బ్రోకరేజీ ఆదాయాలను ఆ సెక్షన్ గడప తొక్కనివ్వదు. ఒకే వీధి, ఒకే ఘాటు, ఒకే తుమ్ము. క్యాలెండర్లు మాత్రం రెండు.

సరే, రాబడి ఎప్పుడొస్తుందో తెలియని వాళ్ల మీద చట్టానికి అసలు జాలే లేదా అంటే, ఉంది. 234సీ సెక్షన్ కిందనే ఉంది. షేర్లు, స్థలాలు అమ్మితే వచ్చిన లాభం, డివిడెండు, మొదటిసారి పెట్టిన వ్యాపారం మీద ఆదాయం, లాటరీ, పేకాట, గుర్రప్పందెం - వీటిని ముందుగా ఊహించలేకపోయారని పన్ను తగ్గితే వాయిదా వడ్డీ ఉండదు. డబ్బు వచ్చాక మిగిలిన వాయిదాల్లోనో, మార్చి 31 లోపో కడితే చాలు. లాటరీ డబ్బులో 30 శాతం ముందే కోసి ఇస్తారు కాబట్టి అక్కడ ఆ జాలికి పెద్ద ఖర్చు లేదనుకోండి. అయినా గుర్రం ఎప్పుడు గెలుస్తుందో మనిషికి తెలియదని ఒప్పుకున్న పార్లమెంటు, మిరప ఎంతకు అమ్ముతుందో మాత్రం మనిషికి తెలిసే ఉంటుందని తీర్మానించింది.

ఇక లెక్క. షావుకారుకు నికరంగా పంతొమ్మిదిన్నర లక్షల పైచిలుకు మిగిలిందనుకుందాం. 2025-26 కొత్త విధానం స్లాబుల్లో సెస్సుతో కలిపి పన్ను సుమారు 2,00,000. ఆయన ఏ వాయిదాలోనూ పైసా కట్టలేదు. జూన్‌లో 30,000 తగ్గింది, దాని మీద నెలకు ఒక శాతం చొప్పున మూడు నెలలకు 900. సెప్టెంబరులో 90,000 తగ్గింది, 2,700. డిసెంబరులో 1,50,000 తగ్గింది, 4,500. మార్చి వాయిదాకు ఒక్క నెలే, 2,000. వెరసి 234సీ కింద 10,100. మొదటి మూడు వాయిదాల్లో ఒక్క రోజు ఆలస్యమైనా మూడు నెలల వడ్డీయే. డిసెంబరు 16న పరుగెత్తుకెళ్లి కట్టినవాడికీ మూడు శాతమే.

ఇది మొదటి కిస్తీ. మార్చి 31 నాటికి అసలు పన్నులో 90 శాతం చేరకపోతే, ఏప్రిల్ 1 నుంచి 234బీ మొదలై కట్టేదాకా నెలకో శాతం నడుస్తుంది. నెలలో ఒక రోజు గడిచినా నిండు నెలే. షావుకారు జులైలో రిటర్ను వేశాడు గనుక నాలుగు నెలలు, 8,000. మొత్తం 18,100.

రిటర్ను వేసేటప్పుడు పోర్టల్ ఈ వడ్డీని లెక్కగట్టి చూపించనే చూపించింది. షావుకారు మాత్రం పన్ను రెండు లక్షలు కట్టి, వడ్డీ సంగతి తరువాత చూద్దామని వదిలేశాడు. తనేమో బాకీదారు తెచ్చిన డబ్బును ముందు వడ్డీకి, ఆ తరువాతే అసలుకు జమ వేసుకునే మనిషి. సర్కారుకూ అదే పద్దు తెలుసు. 140ఏ ప్రకారం ఆయన కట్టిన రెండు లక్షల్లో 18,100 ముందు వడ్డీకి పోయింది, అసలు పన్నులో 18,100 బాకీ నిలిచింది. బెంగళూరు సీపీసీ ఆ రిటర్నును అక్టోబరులో చూసింది, మరో మూడు నెలల వడ్డీ 543. చివరకు 143(1) కింద ఈమెయిల్ వచ్చింది, బాకీ సుమారు 18,640.

"నెలకు నూటికి రూపాయే కదండీ ఆడిటరు గారూ! బయట నేను రెండు రూపాయలకు తిప్పుతున్నా. సర్కారు సొమ్ము వాడుకుంటే మనకే లాభం కదా?" అన్నాడు షావుకారు.

"లాభమేనండీ. ఆ రెండు రూపాయల మీద మీ స్లాబులో నలభై రెండు పైసలు పన్నుకు పోతాయి. సర్కారుకు కట్టే రూపాయిని ఖర్చు కింద రాసుకోనివ్వరు. మిగిలేది యాభై ఎనిమిది పైసలు. అదీ రైతు తిరిగి ఇస్తేనే" అన్నాడు ఆడిటరు.

ఈమెయిల్ రాగానే తిట్టడం ఆపి చేయాల్సిన పని ఒకటుంది. ఆ ఇంటిమేషన్‌లో రెండు వరసలు ఉంటాయి, మీరు చూపింది ఒకటి, వాళ్లు లెక్కగట్టింది రెండోది. తేడా ఏ గడిలో మొదలైందో వెతకండి. వడ్డీ గడిలోనే అయితే పైన చెప్పిన లెక్కతో సరిచూసుకుని, పోర్టల్లో `Response to Outstanding Demand` లోకి వెళ్లి బాకీ సరైనదేనని ఒప్పుకుని 30 రోజుల్లో కట్టేయడమే మేలు. ఆ గడువు దాటితే 220(2) కింద మళ్లీ నెలకో శాతం. ఒకసారి సరైనదే అని నొక్కాక కాదనడానికి ఉండదు కాబట్టి, లెక్క చూసుకున్నాకే నొక్కండి.

తేడా చెల్లింపుల గడిలో ఉంటే మాత్రం అది వేరే కథ. మార్చిలో కట్టిన ముందస్తు పన్నుకు అసెస్‌మెంట్ సంవత్సరం తప్పుగా ఎంచుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. 2025-26లో సంపాదించిన దానికి అసెస్‌మెంట్ సంవత్సరం 2026-27. ఒక్క ఏడాది వెనక్కి నొక్కితే డబ్బు ఖజానాలోనే ఉంటుంది, మీరు మాత్రం ఎగవేతదారు. ముందస్తు పన్నుకు కోడ్ 100, రిటర్ను వేసేటప్పుడు కట్టేదానికి 300, డిమాండు వచ్చాక కట్టేదానికి 400. ముందు చలానా సవరించుకుని, ఆ తరువాత 154 కింద రెక్టిఫికేషన్ అడిగితే ఆ పొరపాటు వల్ల పడిన వడ్డీ పోతుంది.

మాఫీ అడగొచ్చా? 2001లో అంజుమ్ ఘస్వాలా కేసులో సుప్రీంకోర్టు ఈ వడ్డీ తప్పనిసరి అని తేల్చేసింది. మిగిలిన సందు 2006 జూన్ 26 నాటి కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఉత్తర్వు. వాయిదా తేదీ దాటాక, ముందుగా ఊహించని ఆదాయం వచ్చి, దాని మీద పన్ను కట్టి ఉంటే చీఫ్ కమిషనర్ వాయిదా వడ్డీని తగ్గించవచ్చు. అంటే గుంటూరులో కూర్చుని, ఫిబ్రవరిలో యార్డుకు మిర్చి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు అని అర్జీ రాయాలి. రాసే ధైర్యం ఉంటే రాయండి. చదివే ఆఫీసరు తుమ్ముతాడో నవ్వుతాడో మనకనవసరం.

అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడిగి చూడండి. అక్కడా ఏడాదికి నాలుగు విడతల అంచనా పన్ను ఉంది. కానీ ఆదాయం ఏడాది చివరలో వచ్చిందని ఫారం 2210 షెడ్యూల్ ఏఐలో చూపిస్తే, ఏ విడతకు ఎంత వచ్చిందో అంత మేరకే లెక్క. కిందటేటి పన్నంత కట్టేసినా చాలామందికి జరిమానా ఉండదు. మూడింట రెండొంతుల రాబడి సేద్యం నుంచి వచ్చేవాడికైతే జనవరి 15న ఒకే ఒక్క వాయిదా. పంట ఒక కాలంలో వస్తుందన్న రహస్యం వాషింగ్టన్‌కు తెలిసింది, ఢిల్లీకి తెలియలేదు.

షావుకారు మాత్రం అమాయకుడేమీ కాదు. మిర్చి సీజనులో కొంత ఏప్రిల్, మే నెలల్లోనే జరుగుతుంది, అది కొత్త ఆర్థిక సంవత్సరం పద్దులోదే. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేనాటికి ఆయన గల్లాపెట్టెలో కమీషన్ ఉంటుంది. జూన్ 15 వచ్చేసరికి అది విత్తనాలకు, పురుగుమందులకు అప్పుగా పొలాలకు వెళ్లిపోయి ఉంటుంది. సెలవులయ్యాక ఏసీ సరుకు అమ్మకాలూ నడుస్తూనే ఉంటాయి. కాబట్టి చేయగలిగింది ఇది: అప్పులు ఇవ్వకముందే, మే నెలలోనే జూన్ వాయిదా కట్టేయండి. చట్టం 15 శాతం అంటుంది గానీ 12 కట్టినా వడ్డీ వేయదు, సెప్టెంబరులో 45కు బదులు 36 కట్టినా వదిలేస్తుంది. మన లెక్కలో జూన్‌కు 24,000, సెప్టెంబరుకు మొత్తం 72,000. డిసెంబరుకు ఆ సడలింపు లేదు. అక్కడ ఏసీ సరుకు లెక్క, కిందటేటి లెక్క చూసుకుని కట్టగలిగినంత కట్టండి, తగ్గినదాని మీద మూడు శాతం పడుతుంది. ధర తెలిశాక మార్చి 15కు మిగతాది, ఆ తేదీ తప్పితే కనీసం మార్చి 31 లోపు కట్టేస్తే 234బీ జోలి ఉండదు.

భయపడి ఎక్కువ కట్టేద్దామనుకుంటున్నారా? రీఫండు మీద సర్కారు ఇచ్చే వడ్డీ నెలకు అర్ధరూపాయి. రీఫండు మొత్తం పన్నులో పదోవంతుకు తక్కువైతే అదీ లేదు, ఇచ్చిన దాని మీద మళ్లీ పన్ను. తీసుకునేటప్పుడు రూపాయి, ఇచ్చేటప్పుడు అర్ధరూపాయి. ఈ కిటుకు తెలియని వ్యాపారి యార్డులో ఒక్కడూ లేడు.

1961 చట్టం పోయి 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. పైన చెప్పిన సెక్షన్ల నంబర్లు మారాయి, నాలుగు తేదీలు మారలేదు. బడ్జెట్ ముందు వినతిపత్రాలు పట్టుకుని ఢిల్లీ వెళ్లే వర్తక సంఘాల పెద్దలారా, గుర్రప్పందెం ఉన్న జాబితాలో సీజను కమీషన్ వ్యాపారాన్ని కూడా చేర్చమని ఈసారి ఒక్క వాక్యం రాయండి.