మా రోజుల్లో మూత అంచు విప్పి చూసేవాళ్ళం

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ప్లాంటుల్లో ఇప్పటి క్వాలిటీ కుర్రాళ్ళను డబ్బా సీమ్ ఎలా ఉందని అడిగితే కంప్యూటర్ తెర చూపిస్తారు. అన్నీ పచ్చరంగులోనే ఉంటాయి. “ఓవర్‌ల్యాప్ యాభై పైనే ఉంది సార్, వాక్యూమ్ పది వస్తా ఉంది, ఇంకేం కావాల?” అంటారు. కవర్ హుక్ విప్పి ముడతలు చూశావా నాయనా అని అడిగితే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. నా కోపమంతా అక్కడే. కొలతలు తీసే యంత్రం వచ్చిందని కళ్ళతో చూసే పని మానేశారు.

డబ్బాకు మూత అతుక్కునేది రెండు దెబ్బల్లో. మొదటి రోలర్ మూత అంచును డబ్బా అంచు కిందికి మడుస్తుంది. రెండో రోలర్ ఆ మడతను చక్ గోడకు నొక్కి బిగిస్తుంది. అంచును అడ్డంగా కోస్తే ఐదు పొరల రేకు కనిపిస్తుంది. మూతవి మూడు, డబ్బావి రెండు. లోపల ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు కొక్కేలు ఉంటాయి: డబ్బాది బాడీ హుక్, మూతది కవర్ హుక్. ఆ రెండూ ఎంతమేర ఒకదానిమీదొకటి ఎక్కాయన్నదే ఓవర్‌ల్యాప్. మిగిలిన సందును నింపేది మూత అంచులో పూసిన రబ్బరు కాంపౌండ్. ఆ కాంపౌండ్ గాలినీ నీటినీ ఆపాలంటే రేకు దాన్ని గట్టిగా నొక్కి పట్టాలి. కొక్కేలు ఎంత పొడవున్నా, నొక్కుడు లేకపోతే కాంపౌండ్ వల్ల ఉపయోగం లేదు.

ఆ నొక్కుడు కొలతల్లో పూర్తిగా దొరకదు, ముడతల్లో దొరుకుతుంది. మూత అంచు పెద్ద చుట్టుకొలత నుంచి చిన్న చుట్టుకొలతలోకి మడుచుకుపోవాలి కాబట్టి పావడా నడుము దగ్గర కుచ్చిళ్ళు పడ్డట్టు రేకు ముడతలు పడుతుంది. రెండో రోలర్ వాటిని ఇస్త్రీ చేసి చదును చేయాలి. కవర్ హుక్ ఎత్తులో ముడత లేకుండా చదునుగా ఉన్న భాగం ఎంతో చూసి బిగువును శాతంలో చెబుతాం. ముడతే లేకపోతే నూరు, సగం దాకా ముడత పాకితే యాభై. మేము డెబ్బైకి తగ్గితే ఆ హెడ్‌ను ఆపేసేవాళ్ళం.

అప్పట్లో పని ఇలా సాగేది. సీమర్‌కు ఎన్ని హెడ్లుంటే అన్ని డబ్బాలు, ఒక్కో హెడ్ నుంచి ఒకటి తీసుకునేవాళ్ళం. మైక్రోమీటరుతో సీమ్ మందం, పొడవు, మూత లోతు మూడు చోట్ల తీసేవాళ్ళం. పక్క అతుకు దగ్గర ఎప్పుడూ మందం ఎక్కువే కనుక దానికి దూరంగా, చుట్టూ సమానంగా మూడు చోట్లు. తర్వాత మూత మధ్యభాగం కోసి తీసి, కటింగ్ ప్లయరుతో మిగిలిన అంచును చీల్చి, కవర్ హుక్‌ను మెల్లగా కిందికి తట్టి ఊడదీసేవాళ్ళం. ఆ రేకు పట్టీని వెలుతురుకు పెట్టి చుట్టూ తిప్పి చూసేవాళ్ళం. డబ్బా లోపలి గోడమీద చక్ నొక్కిన గీత ఎక్కడా తెగకుండా ఉందో లేదో వేలితో తడిమేవాళ్ళం. అమెరికా వాళ్ళ నిబంధన తక్కువ ఆమ్లం ఉన్న ఆహారానికి అరగంటకోసారి కంటితో పరీక్ష, నాలుగు గంటలకోసారి ఇలా విప్పి చూడటం అడుగుతుంది. మామిడి గుజ్జు ఆమ్లం గలదే. అయినా మా సీనియర్లు అదే లెక్క పాటించారు.

ఇప్పుడు రెండు బ్లేళ్ళ రంపం అంచులో ఒక్క చోట కోస్తుంది, కెమెరా ఆ కోతను పెద్దది చేసి చూపిస్తుంది, సాఫ్ట్‌వేర్ లెక్క కట్టేస్తుంది. బాడీ హుక్, ఓవర్‌ల్యాప్ చూడటానికి ఇది చక్కని సాధనం, కాదనను. కానీ కోసిన చోటు ఒక్కటే. ముడత ఆ కోతలో కనపడదు, దాని పక్కన ఉంటుంది.

ఒక సీజన్‌లో ఒక ప్లాంటువాళ్ళు నన్ను పిలిచిన సంగతి చెబుతాను. 3.1 కిలోల ఏ-10 డబ్బాల్లో తోతాపురి గుజ్జు. గోదాములో రెండు మూడు వారాలకు కొన్ని ఉబ్బాయి, తెరిస్తే పులిసిన వాసన. రికార్డులన్నీ పచ్చగానే ఉన్నాయి. డబ్బా కోడు పట్టుకుని చూస్తే ఉబ్బినవన్నీ ఒకే హెడ్‌వి. ఆ హెడ్ కొలతలు మంచి హెడ్ కొలతల పక్కన పెట్టాను. మూత రేకు మందం 0.28 మి.మీ., డబ్బా రేకు 0.26.

మంచి హెడ్‌లో సీమ్ పొడవు 3.12, బాడీ హుక్ 2.02, కవర్ హుక్ 1.92. రెండు హుక్‌లనూ కలిపి, మూత రేకు మందానికి పది శాతం చేర్చిన 0.31 కలిపి, సీమ్ పొడవు తీసేస్తే ఓవర్‌ల్యాప్ 1.13 వచ్చింది. అది సాధ్యమైన గరిష్ఠంలో 51 శాతం. అనుమానపు హెడ్‌లో పొడవు 3.02, హుక్‌లు 2.00, 1.85. ఓవర్‌ల్యాప్ 1.14, అంటే 54 శాతం. చెడ్డ హెడ్‌దే పైమార్కు! దీనికి కారణం ఉంది. రెండో రోలర్ వదులైతే సీమ్ చదును కాదు, పొట్టిగా, లావుగా ఉండిపోతుంది. పొడవు తగ్గేసరికి లెక్కలో ఓవర్‌ల్యాప్ పెరిగినట్టు కనిపిస్తుంది.

అసలు సంగతి మందంలో ఉంది. మంచి హెడ్ మందం 1.52, చెడ్డది 1.66. మూడు మూత పొరలూ రెండు డబ్బా పొరలూ కలిపితే 1.36. మందంలోంచి దాన్ని తీసేస్తే రేకుల మధ్య మిగిలిన ఖాళీ మంచిదాంట్లో 0.16, చెడ్డదాంట్లో 0.30. దాదాపు రెట్టింపు. అయినా తెర ఎందుకు ఎర్రబడలేదు? సాఫ్ట్‌వేర్‌లో పై హద్దు 1.70 పెట్టి ఉంది. అది అంతకుముందు సీజన్‌లో వాడిన లావు రేకుకు పెట్టిన హద్దు. సన్న రేకు వచ్చింది, హద్దు మార్చలేదు. ఆ హెడ్ డబ్బా కవర్ హుక్ విప్పాను. ముడతలు సగం దాకా వచ్చాయి. కుర్రాడొకడు దాన్ని చేతిలోకి తీసుకుని, “ఇది ఇట్లుంటుందా సార్!” అన్నాడు. అప్పటిదాకా చూడలేదట. ఫిట్టర్ రెండో రోలర్ విప్పితే పిన్ను అరిగి ఆట వచ్చింది. ఐదు నిమిషాల పరీక్షకు చిక్కాల్సిన తప్పు గోదామంతా పాకింది.

ఇక వాక్యూమ్ సంగతి. మూతకు సూది గుచ్చి గేజ్ పదంగుళాలు చూపిస్తే లీకు లేనట్టేనని నేటి పిల్లలు అనుకుంటున్నారు. వాక్యూమ్ ముందుగా చెప్పేది నింపుడు గురించి. గుజ్జు 85 డిగ్రీల పైన వేడితో నిండి వెంటనే మూత పడితే, పైన ఖాళీలోని ఆవిరి చల్లారి నీరై వాక్యూమ్ ఏర్పడుతుంది. కన్వేయర్ ఆగి గుజ్జు చల్లారినా, నురగలో గాలి మిగిలినా, గొంతు దాకా నింపినా గేజ్ పడిపోతుంది. సీమ్ తప్పు ఏమీ ఉండకపోవచ్చు. చోటు మారినా గేజ్ మారుతుంది. చిత్తూరులో పది చూపిన డబ్బా ఘాటెక్కి బెంగళూరు చేరితే బయటి గాలి ఒత్తిడి తక్కువ కనుక సుమారు ఎనిమిదే చూపిస్తుంది. డబ్బా వేడిగా ఉన్నప్పుడు చూస్తే ఇంకా తక్కువ. అందుకే మేము చల్లారాక, ఒకే వేళకు చూసి, హెడ్ వారీగా రాసేవాళ్ళం. సగటు రాసేవాళ్ళం కాదు. ఒక్క హెడ్ తక్కువైతే సీమర్, అన్నీ తక్కువైతే నింపుడు అని ఆ కాగితమే చెప్పేది.

దీనికి ఎదురు సంగతే నాకు ఎక్కువ భయం. వాక్యూమ్ బాగున్న డబ్బా కూడా లీకు డబ్బా కావచ్చు. ఉడికిన డబ్బా చల్లటి నీళ్ళలో పడగానే లోపల వాక్యూమ్ పుడుతుంది. కాంపౌండ్ ఇంకా మెత్తగా ఉంటుంది. వదులు సీమ్ ఆ క్షణంలో ఒక చుక్క నీటిని లోపలికి పీల్చి మళ్ళీ మూసుకుపోవచ్చు. తర్వాత గేజ్ పెడితే పదే చూపిస్తుంది. కానీ ఆ చుక్కలో ఏముంటే అది లోపలికి చేరిపోయింది. 1964లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో 400 మందికి పైగా టైఫాయిడ్ వచ్చింది. అర్జెంటీనా కార్న్డ్ బీఫ్ డబ్బా కారణమని తేల్చారు. అక్కడి ఫ్యాక్టరీలో శుద్ధి చేయని నది నీటిలో డబ్బాలు చల్లార్చారు. అందుకే మా ఫోర్‌మన్ చల్లార్చే నీటి క్లోరిన్‌ను తొట్టి బయటికి పోయే చోట చూడమనేవాడు, లోపలికి వచ్చే చోట కాదు. బయటికి పోయే నీటిలో క్లోరిన్ మిగిలి ఉంటేనే డబ్బా తాకిన నీరంతా బాగున్నట్టు.

లీకు పరీక్ష కూడా ఇప్పుడు తొందర తొందరగా ముగిస్తున్నారు. ఉబ్బిన డబ్బా తెచ్చి అలాగే నీళ్ళలో ముంచి గాలి కొడతారు, బుడగ రాలేదంటే సీమ్ బాగుందని రాస్తారు. ఎండిన గుజ్జే ఆ సందును పూడ్చి ఉంటుంది. ముందు డబ్బాను అనుమానం లేని చివర తెరిచి, సబ్బునీళ్ళతో కడిగి, గోరువెచ్చని అలమరలో గంటల తరబడి ఆరబెట్టాలి. తర్వాత లోపల కొంచెం నీళ్ళు పోసి, తెరిచిన చివర రబ్బరుతో అద్దపు పలక బిగించి, గాలి లాగి, అంచు అన్ని వైపులా నీటిలో మునిగేలా వంచుతూ చూడాలి. సీమ్ దగ్గర ఒకే చోట నుంచి వరసగా వచ్చే బుడగ లీకు. గోడకు అంటిన గాలి ఒకసారి వచ్చి ఆగిపోతుంది. బుడగ వచ్చిన చోట బయట గుర్తు పెట్టి, అక్కడే అంచు విప్పి చూడాలి. గుర్తు పెట్టకుండా విప్పితే సాక్ష్యం పోయినట్టే.

మా కాలంలో అన్నీ గొప్పవని నేను అనడం లేదు. సీసం టంకంతో అతికిన పక్క అతుకు మాకు నిత్యం తలనొప్పి. అక్కడ రేకు మందమై కవర్ హుక్ దిగజారేది, లీకులు ఎక్కువ అక్కడే. వెల్డింగ్ డబ్బా వచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది. గుజ్జు చాలామటుకు డ్రమ్ముల్లోకి, అసెప్టిక్ సంచుల్లోకి పోయింది. అయితే డబ్బాలో నింపే గుజ్జు ఉన్నంతకాలం రెండో రోలర్ అరుగుతూనే ఉంటుంది, రేకు మందం సీజన్ సీజన్‌కూ మారుతూనే ఉంటుంది.

ప్లాంటుల్లో పనిచేసే పిల్లలకు నా మాట ఇది. రంపం, కెమెరా వాడండి, వద్దనను. కానీ షిఫ్టు మొదట్లో, రేకు లాటు మారినప్పుడు, సీమర్‌లో చిక్కు పడి తీసిన తర్వాత ప్రతి హెడ్ నుంచి ఒక డబ్బా తీసి కవర్ హుక్ చేత్తో విప్పండి. రేకు మందం కొలిచి సాఫ్ట్‌వేర్ హద్దు సరిచూడండి. విప్పిన పట్టీ మీద హెడ్ నంబరు, సమయం రాసి షిఫ్టు అయ్యేదాకా బల్లమీద ఉంచండి. వచ్చే షిఫ్టువాడు దాన్ని తన కళ్ళతో చూడాలి.