ఆ పిల్ల వ్యాసంలోకి నేను తెచ్చిపెట్టిన కన్నీళ్లు

రిటైరయ్యాక విశాఖ ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల పేటల పిల్లలకు స్కాలర్‌షిప్ దరఖాస్తులు దిద్దిపెట్టే పని పెట్టుకున్నాను. ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ని కనుక వ్యాసం ఎలా రాయాలో నాకు బాగా తెలుసనుకున్నాను. ఆ నమ్మకంతోనే 2024లో ఒక పిల్లకు రావలసిన డబ్బు రాకుండా చేశాను. అప్పుడు చేసిన తెలివితక్కువ పని ఏమిటో దాచకుండా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆ పిల్ల తండ్రి మరబోటు మీద కలాసీ. 2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో నిప్పంటుకుని సుమారు 40 బోట్లు కాలిపోయాయి. ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉన్న బోట్లు, వాటిలో డీజిలు, వంట గ్యాసు సిలిండర్లు. మంట ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి పాకింది. కాలినవాటిలో అతను ఎక్కే బోటూ ఉంది. పిల్ల అప్పుడు ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. ముత్తుకూరులోని మత్స్య కళాశాలలో బీఎఫ్‌ఎస్సీ చదవాలని ఆశ. ఒక ట్రస్టు స్కాలర్‌షిప్‌కు ‘మీ కుటుంబ పరిస్థితి, మీ లక్ష్యం’ అని 500 మాటల్లో రాయమన్నారు.

పిల్ల రాసి తెచ్చింది. మంటల గురించి మూడే వాక్యాలు: బోటు కాలిపోయింది, సంక్రాంతి దాటేదాకా నాన్నకు ఇంకో బోటు మీద చోటు దొరకలేదు, ఆ రోజుల్లో అమ్మ గంప నెత్తిన పెట్టుకుని కాలనీల్లో చేపలమ్మింది. ఆ తర్వాతదంతా లెక్కలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఏటా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రెండు నెలలు ఇల్లెలా గడుస్తుందో రాసింది. వేట నుంచి వచ్చాక డీజిలు, ఐసు, తిండి సరుకుల ఖర్చు తీసేసి మిగిలిన డబ్బులో కలాసీల వాటా ఎంతో రాసింది. ఒక్కోసారి చేప బాగా పడ్డా వాటా తగ్గిపోవడం చూసి నాన్నను అడిగిందట. మొదటి రోజుల్లో పట్టిన చేప అడుగున నలిగి మెత్తబడితే పాటలో ధర పడిపోతుందని, ఐసు చాలకపోవడమే దానికి కారణమని ఆయన చెప్పాడట.

నేను చదివి, “ఇదేమిటమ్మా, కిరాణా కొట్టు చిట్టాలా ఉంది” అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఎర్రకలం తీశాను. వాటా లెక్క కొట్టేశాను, ఐసు సంగతి కొట్టేశాను, వేట నిషేధాన్ని ఒక్క వాక్యంలోకి కుదించాను. మంటలను మొదటి పేరాకి తెచ్చి సగం కాగితం పరిచాను. ‘ఆ రాత్రి బోట్లతో పాటు మా బతుకులూ బుగ్గయిపోయాయి’, ‘ఆనాటి నుంచి మా ఇంట పైసా రాబడి లేదు’, చివర ‘మీరే మాకు దేవుళ్లు’. ఇవన్నీ నావే. లక్ష్యం గురించి ‘బాగా చదివి మత్స్యకారులకు సేవ చేస్తాను’ అని ఒక ముక్క మిగిల్చాను. పిల్ల కాగితం చూసి, “నాన్న ఇప్పుడు వేటకెళ్తున్నాడు కదా మాస్టారూ?” అంది. “వాళ్ల మనసు కరగాలమ్మా” అన్నాను. ఇక మారు మాట్లాడలేదు. మాస్టారి ముందు ఏ పిల్ల మాట్లాడుతుంది?

ఇంటర్వ్యూలో పెద్దాయన ఒకరు దరఖాస్తు ముందు పెట్టుకుని అడిగారట: “రాబడే లేదని రాశావు, జత చేసిన ఆదాయ ధ్రువపత్రంలో రాబడి ఉంది. ఏది నిజం?” పిల్ల తడబడింది. “మత్స్యకారులకు సేవ అంటే ఏం చేస్తావు?” అన్నారట. జవాబు పిల్లకు తెలుసు, తన నోట్సులో రాసుకుంది కూడా. కానీ కాగితంలో లేని సంగతి చెబితే అదీ తప్పవుతుందేమోనని భయపడి నోరు మూసుకుంది. స్కాలర్‌షిప్ రాలేదు. తండ్రి బోటు యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని ఫీజు కట్టాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా ఆ బోటు వదలడానికి లేదు.

తర్వాత ఆ ఇంటికి వెళ్లాను. తండ్రి నన్ను ఒక్క మాట కూడా కోప్పడలేదు. “నాను ఖాళీగా కూకున్నానని రాసీసేరా బాబూ?” అని మాత్రం అడిగాడు. ఆయన కష్టం చూపించాలని నేను రాసిన మాట ఆయన కష్టాన్నే చెరిపేసింది. అది నాకు అక్కడ కూర్చున్నాకే తట్టింది.

మరుసటి ఏడు ఇంకో సంస్థ దరఖాస్తులు పిలిచింది. ఈసారి కలం పక్కన పెట్టి పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. నేను దిద్దిన పాత చిత్తు చేతికిచ్చి ఒక్కో వాక్యానికీ ప్రశ్నలేశాను: ఇది ఎప్పుడు జరిగింది, ఎవరు చూశారు, ఆ తర్వాత ఏమైంది? తన వాక్యాలకు తడుముకోకుండా చెప్పింది. నా వాక్యాల దగ్గర ఆగిపోయింది. నిజాయితీని పట్టుకోవడానికి నాకు ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి దొరకలేదు. రాసినవాళ్లు తర్వాతి ప్రశ్నకు జవాబు చెప్పలేని వాక్యం వాళ్లది కాదు. దాని తర్వాత వ్యాసాన్ని ఆదాయ ధ్రువపత్రం, మార్కుల జాబితాలతో పక్కపక్కన పెట్టి చదివాం. ‘ఎప్పుడూ’, ‘ఏమీ లేదు’, ‘అంతా పోయింది’ లాంటి మాటలు ఆ కాగితాల పక్కన నిలబడవు.

జాలి విషయంలో పరీక్ష వేరు. అగ్నిప్రమాదం రాయకూడదని కాదు, అది జరిగింది, రాయాల్సిందే. వాక్యం ఇంట్లో ఏం జరిగిందో చెబుతోందా, చదివేవాడు ఏమనుకోవాలో చెబుతోందా అన్నది చూడాలి. ‘అమ్మ గంప ఎత్తింది’ మొదటి రకం. ‘మా దీనస్థితి చూసి’ రెండో రకం. రెండో రకం కనబడ్డ చోటల్లా కొట్టేశాం. దండాలు, దేవుళ్లు పోయాయి. కష్టం కాగితంలో మూడో వంతు దగ్గర ఆగింది.

మిగిలిన చోటంతా లక్ష్యానికి ఇచ్చాం. వాటా లెక్క తిరిగొచ్చింది, ఐసు సంగతి తిరిగొచ్చింది. మన ఎండలకు దూరం వేటలో కిలో చేపకు దాదాపు కిలో ఐసు కావాలని కాలేజీలో చెప్పారట, నాన్న బోటులో అంత పట్టదని తనకు ముందే తెలుసు. అందుకే పట్టిన చేప చెడకుండా ఒడ్డుకు చేర్చే చదువు వైపు వెళ్తానని, డిగ్రీ అయ్యాక ఆ విభాగంలోనే పీజీ చేస్తానని, విశాఖలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రంలో ప్రాజెక్టు చేయాలనుందని రాసింది. ఈ డబ్బు హాస్టలుకు ఎంత, పుస్తకాలకు ఎంత అన్నదీ రాసింది. ‘సేవ చేస్తాను’ అన్న మాట ఎక్కడా లేదు, అవసరం రాలేదు. కష్టం ఎక్కడ ముగిసి లక్ష్యం ఎక్కడ మొదలైందో వేరుగా చూపించనక్కర్లేకుండా రెండూ కలిసిపోయాయి. మొదటి చిత్తులోనే అలా ఉన్నాయి, విడదీసింది నేను.

అలా రాస్తే తప్పకుండా వస్తుందని చెప్పలేను. స్కాలర్‌షిప్‌లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. ఈ పిల్లకు వచ్చింది, హాస్టలు ఖర్చు వరకే. మొదటి ఏడాది పోయిన డబ్బు మాత్రం పోయినట్టే, తండ్రి ఇంకా ఆ బోటు మీదే ఉన్నాడు.

పిల్లల వ్యాసాలు దిద్దే మాస్టార్లకు, చదువుకున్న అన్నయ్యలకు, అక్కయ్యలకు నా మనవి ఒకటే. పిల్లల మొదటి చిత్తును చించెయ్యకండి. దానిలో మీకు చప్పగా అనిపించిన లెక్కల్ని ముందు వాళ్ల చేత వివరంగా చెప్పించుకోండి, ఆ తర్వాతే కలం తీయండి.