తాళం మార్చినా పాలు ఆగవు

ఇంట్లో దొంగలు పడితే మర్నాడు పొద్దున్నే తాళం మారుస్తాం. తాళం మారిందని పాలబ్బాయి పాకెట్లు వేయడం మానేస్తాడని మాత్రం ఎవరూ అనుకోరు. పాలు వద్దనుకుంటే వెళ్లి అతనికి చెప్పాలి. ఇంటి విషయంలో ఇంత తెలివిగా ఉండే మనం, ఏదో కంపెనీ సర్వర్లోంచి కార్డు వివరాలు పోయాయని మెయిల్ రాగానే బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు మార్పించుకుని నిశ్చింతగా నిద్రపోతాం. కార్డు మార్చడం బ్యాంకు పని. సబ్‌స్క్రిప్షన్ రద్దు కంపెనీతో తెంచుకోవాల్సిన ఒప్పందం. దాచిపెట్టిన కార్డు వివరాలు తుడిచేయడం ఆ కంపెనీ ఖాతాలో చేయాల్సిన శుభ్రత. ఈ మూడింటిలో ఏదీ మరోదాని పని చేసిపెట్టదు. పైగా వీటికి ఒక వరస కూడా ఉంది.

అడోబి సంగతే చూడండి. 2013 మే నెలలో ఆ సంస్థ, ఇకపై డిజైన్ పనులకు వాడే తన కొత్త సాఫ్ట్‌వేర్‌ను పెట్టెలో పెట్టి అమ్మబోమనీ, నెలనెలా చందా కట్టి వాడుకోవాలనీ ప్రకటించింది. అంటే కార్డు వాళ్ల దగ్గరే ఉండాలన్నమాట. అక్టోబరు 3న, 29 లక్షల మంది కార్డు నంబర్లు దొంగల చేతికి చిక్కాయనీ, అయితే అవి ఎన్‌క్రిప్ట్ చేసి ఉన్నాయనీ చెప్పింది. ఆ నెల ముగిసేలోపే, లాగిన్ వివరాలు పోయినవారి లెక్క 3.8 కోట్లకు చేరింది. పాస్‌వర్డ్‌లను కూడా ఎన్‌క్రిప్ట్ చేశారు గానీ, ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న వాళ్లందరికీ ఒకే గుప్తరూపం వచ్చే పద్ధతిలో చేశారు. పక్కనే పాస్‌వర్డ్ గుర్తుచేసే సూచనలు మామూలు అక్షరాల్లోనే ఉన్నాయి. గదికి తాళం వేసి, తాళంచెవి ఎక్కడుందో తలుపు మీద రాసినట్టు. దాదాపు 19 లక్షల మంది పాస్‌వర్డ్ 123456 అని పరిశోధకులు తేల్చారు. కాబట్టి తప్పంతా కంపెనీదే అనడానికీ లేదు.

'ఎన్‌క్రిప్ట్ చేశారుగా, కార్డు మార్చడం దేనికి?' అని అడిగేవారికి ఆ కథలోనే జవాబుంది. కంపెనీ మొదటిరోజు చెప్పే లెక్క, అప్పటికి దానికి తెలిసినంతే. కొత్త కార్డుకు కొన్నాళ్లు ఎదురుచూడటమే ఖర్చు. దొంగలు ముందే పెద్ద మొత్తం లాగరు, కార్డు బతికుందో లేదో చూడటానికి చిల్లర డబ్బు లాగి చూస్తారు. స్టేట్‌మెంట్లో మీరెరగని పది రూపాయలు కనబడితే దాన్ని చిల్లరగా చూడకండి. మరో వాదన, 'కార్డు మారితే చందా దానంతటదే చచ్చిపోతుంది' అని. అన్నిసార్లూ చావదు. వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలకు పాత కార్డు స్థానంలో వచ్చిన కొత్త నంబరును వ్యాపారులకు అందించే సేవలున్నాయి. సినిమా చూస్తుండగా చందా ఆగిపోయి వీక్షకుడు బాధపడకూడదన్నది వాటి సదుద్దేశం. తాళం మార్చిన ఆసామే, కొత్త తాళంచెవి నకలు పాత పొరుగింటికి అందజేసి వచ్చినట్టు.

అందుకే వరస ముఖ్యం. ముందు బ్యాంకు యాప్‌లో కార్డును నిలిపేయండి. ఆ తర్వాత సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసి, రద్దయినట్టు వచ్చిన మెయిల్ దాచుకోండి. చందా నడుస్తుండగా ఉన్న ఒక్క కార్డునూ తీసేయనివ్వని సైట్లు చాలా ఉన్నాయి. ఖాతానే ముందు తుడిచేస్తే రద్దు చేయడానికి లోపలికి వెళ్లే దారే ఉండదు. ఫోన్లోంచి యాప్ తీసేయడం రద్దు కాదు, పాలబ్బాయికి మొహం చాటేయడం. రద్దుకు రుసుము ఉందేమో కూడా చూసుకోండి. ఏడాది ఒప్పందాన్ని మధ్యలో తెంచుకుంటే పడే రుసుమును దాచారంటూ అమెరికా ప్రభుత్వం 2024లో అడోబి మీదే దావా వేసింది. రద్దయ్యాక దాచిన కార్డును తీసేయండి, చివరగా కొత్త కార్డు తెప్పించుకోండి.

'మన దేశంలో వ్యాపారులు కార్డు నంబరు దాచుకోకూడదు కదా' అనే వాదనలో బలముంది. 2022 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు దాన్ని ఆపేసి, టోకెన్ మాత్రమే ఉంచుకోనిచ్చింది. ఆ టోకెన్ ఒక్క దుకాణంలోనే చెల్లుతుంది, దొంగకు బయట పనికిరాదు. ఏ దుకాణంలో మీ టోకెన్ ఉందో బ్యాంకు చూపించాలి, వద్దంటే తీసేయాలి. కార్డు మారినప్పుడు మీ సమ్మతి లేకుండా కొత్తదాన్ని తగిలించకూడదు. అయితే విదేశీ సైట్లలో ఇచ్చిన కార్డుకు ఈ రక్ష లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన వాళ్ల అమెరికా కార్డులకు అసలే లేదు. ఇక తుడిచేయడానికీ ఒక హద్దుంది. అప్పటికే దొంగ ఎత్తుకుపోయిన నకలును అది తుడవలేదు, దాన్ని పనికిరాకుండా చేసేది కొత్త కార్డే. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు కంపెనీ ఉత్తరం ఎప్పుడొచ్చినా సరే, బ్యాంకు తలుపు తట్టి ఊరుకోకండి, పాలబ్బాయికి కూడా చెప్పి రండి.