బొటనవేలి కింద శ్లాబు

మా మేనల్లుడు ఉద్యోగం కోసం ఖమ్మం నుంచి హైదరాబాద్ వచ్చి, జీవితంలో మొదటిసారి అద్దె పోర్షన్‌లో దిగాడు. నెల తిరిగిందో లేదో రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "మామయ్యా, ఒక ఫ్యాను, ఒక ఫ్రిజ్, ఒక లాప్‌టాప్, పొద్దున పది నిమిషాలు గీజరు. దీనికి పదకొండు వందలు అవుతుందా?" అని అడిగాడు. బిల్లు పంపమన్నాను. వాడి దగ్గర బిల్లు లేదు, బిల్లు ఫొటో ఉంది.

మన ఊళ్లలో ఇంటి ఓనర్లు కరెంటు బిల్లును ఫొటో తీసే పద్ధతి ఒక ప్రత్యేకమైన కళ. కాగితాన్ని వంటగట్టు మీద పెడతారు. పైనున్న ట్యూబ్‌లైటు వెలుగు సరిగ్గా నడిమధ్యన పడేలా చూసుకుంటారు. కాగితం ఎగిరిపోకుండా బొటనవేలితో నొక్కిపట్టి క్లిక్‌మనిపిస్తారు. నాకు పంపిన ఫొటోలో పైన విద్యుత్ సంస్థ పేరు కనిపిస్తోంది, కింద కట్టాల్సిన మొత్తం కనిపిస్తోంది. ఆ రెండింటికీ మధ్యలో ఓనరుగారి బొటనవేలు, గోటిమీది మచ్చతో సహా, స్పష్టంగా కనిపిస్తోంది. ఫొటో కింద మెసేజ్: "బాబూ, సబ్‌మీటర్‌లో నీది 110 యూనిట్లు. యూనిట్ పది రూపాయలు. 1100 పంపు."

ఈ "యూనిట్ పది రూపాయలు" అనే మాట మన నగరంలో అద్దెకు ఉండేవాళ్లందరికీ కంఠోపాఠం. అది ఎవరు నిర్ణయించారని అడిగితే ఏ ఓనరూ చెప్పడు. "అందరూ అంతే తీసుకుంటున్నారు" అంటాడు. అలా అనేవాళ్లకు తెలుసో లేదో గానీ, తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో మొదలైన గృహ వినియోగం ధరల పట్టీలో పది రూపాయల రేటు నిజంగానే ఉంది. ఎక్కడుందంటే, నెలకు 800 యూనిట్లు దాటాక వాడే ఒక్కొక్క యూనిట్‌కి. అంటే నాలుగు ఏసీలున్న బంగళావారు, ఆ నాలుగూ తెగ తిప్పి, చివరాఖరికి అందుకునే రేటు. మా వాడి ఒంటరి ఫ్యాను మొదటి తిరుగుడులోనే ఆ హోదా అందుకుంది.

"ఓనర్ దగ్గరికి వెళ్లి వేలు తీసి మళ్లీ ఫొటో పంపమను" అన్నాను. వాడు మొహమాటపడ్డాడు. రెండు రోజులకు ఎలాగో రెండో ఫొటో వచ్చింది. ఈసారి బొటనవేలు పక్కకు జరిగి, అసలు సంగతి బయటపడింది.

బిల్లు చదవడం మొదలుపెట్టేది కింద మొత్తం దగ్గర కాదు, పైన రీడింగుల దగ్గర. ప్రస్తుత రీడింగులోంచి పాత రీడింగు తీసేస్తే వచ్చేది వాడిన యూనిట్లు. వాటి పక్కనే తేదీలుంటాయి. మొదటిసారి అద్దెకు దిగినవాడు ముందు ఆ తేదీలు చూసుకోవాలి. నువ్వు పన్నెండో తారీఖున పాలు పొంగిస్తే, బిల్లు మూడో తారీఖు నుంచి లెక్కించి ఉంటే, ఆ తొమ్మిది రోజుల ఇస్త్రీపెట్టె నీది కాదు, నీకు ముందున్నవాడిది. (దిగిన రోజే సబ్‌మీటర్ అంకెల్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే ఈ పేచీ రాదు. ఆ ఫొటోకి మాత్రం బొటనవేలు అడ్డం పెట్టకండి.)

మా వాడి కేసులో పేచీ తేదీలది కాదు. మెయిన్ మీటర్ మొత్తం 290 యూనిట్లు. అందులో సబ్‌మీటర్ ప్రకారం వాడిది 110, కింద ఓనరుగారిది 180. ఒకే మీటరు, రెండు కాపురాలు. అసలు కథంతా ఇక్కడే ఉంది.

శ్లాబ్ అంటే మెట్లలాంటిదని మనకు చిన్నప్పటినుంచీ నూరిపోశారు. కింది మెట్టు చవక, పై మెట్టు ఖరీదు, పైకెక్కినా కింది మెట్లు కింది రేటులోనే ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి పట్టీ అలాంటిదే. అక్కడ విజయవాడలో ఎవరు ఎంత వాడినా మొదటి 30 యూనిట్లకు రేటు రూపాయి తొంభై పైసలే. తెలంగాణ మెట్లు వేరు. ఇక్కడ కొన్ని చోట్ల కాలు పైమెట్టు మీద పెట్టగానే, ఎక్కివచ్చిన మెట్లను కూడా వెనక్కి వెళ్లి ఖరీదైన రాయితో మార్చేస్తారు. నెలకు 100 లోపైతే ఒక పట్టీ, 200 లోపైతే ఇంకో పట్టీ, 200 దాటితే మూడో పట్టీ. మూడో పట్టీలో మొదటి యూనిట్ నుంచే రేటు 5 రూపాయల 10 పైసలు.

ఒక్క యూనిట్ ఎంత పని చేస్తుందో చూడండి. రెండు కిలోవాట్ల లోడున్న ఇంట్లో సరిగ్గా 200 యూనిట్లు వాడారనుకుందాం. మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున 340, తర్వాతి 100 యూనిట్లు 4.80 చొప్పున 480, కలిపి 820. దానికి కస్టమర్ చార్జీ 90, ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కి పది చొప్పున 20, విద్యుత్ సుంకం యూనిట్‌కి ఆరు పైసల చొప్పున 12. మొత్తం 942 రూపాయలు. అదే ఇంట్లో ఎవరో మరచిపోయి బాత్‌రూమ్ లైటు వేసి వదిలేసి 201 యూనిట్లు అయ్యాయనుకోండి. 200 యూనిట్లకు 5.10 చొప్పున 1020, ఆ ఒక్క యూనిట్‌కి 7.70, కస్టమర్ చార్జీ 100, ఫిక్స్‌డ్ చార్జీ అదే 20, సుంకం 12 చిల్లర. మొత్తం దాదాపు 1160. ఒక్క యూనిట్ ఖరీదు 218 రూపాయలు. అంత ఖరీదైన వెలుగు ఆ బాత్‌రూమ్ మళ్లీ చూడదు.

ఇప్పుడు మా వాడి ఇంటికి వద్దాం. మూడు కిలోవాట్ల లోడు మీద 290 యూనిట్లు. 200 యూనిట్లకు 1020, మిగిలిన 90 యూనిట్లకు 7.70 చొప్పున 693, కస్టమర్ చార్జీ 100, ఫిక్స్‌డ్ 30, సుంకం 17.40. బొటనవేలి కింద దాక్కున్న లెక్క ఇదే: మొత్తం 1860 రూపాయల 40 పైసలు. దాన్ని 290తో భాగిస్తే యూనిట్ ఆరు రూపాయల 42 పైసలు పడుతుంది. మా వాడి వాటా 706 రూపాయలు. పంపమన్నది 1100.

దీనికన్నా రుచికరమైన విషయం ఇంకోటుంది. మా వాడు 1100 ఇస్తే ఓనరుగారి జేబులోంచి పోయేది 760. ఆయన తన 180 యూనిట్లకు సొంతంగా, విడిగా రెండు కిలోవాట్ల మీటర్ పెట్టుకుని ఉంటే కట్టాల్సింది 845. అంటే 200 దాటించి బిల్లును పై పట్టీలోకి నెట్టిన ఉమ్మడి మీటర్ నష్టం మొత్తాన్ని అద్దెవాడి నెత్తిన పెట్టి, పైగా ఎనభై చిల్లర మిగుల్చుకున్నారు. మా వాడికీ అలాంటి విడి మీటర్ ఉంటే 110 యూనిట్లకు అయ్యేది 505 రూపాయలు. ఇద్దరివీ విడివిడిగా కలిపినా 1350 లోపే. ఒకే మీటర్ వల్ల ఆ ఇల్లు నెలకు 511 రూపాయలు ఊరికే ధారపోస్తోంది. వేరే మీటర్ పెట్టించమంటే ఓనరుగారు "అదంతా పెద్ద తతంగం బాబూ" అన్నారట. నెలనెలా తతంగం లేకుండా మిగులుతుంటే తతంగం ఎవరికి కావాలి?

లెక్క కాగితం మీద రాసి పంపితే ఓనరుగారు వాదన మార్చారు. "మోటరు ఉంది, మెట్ల లైటుంది, అవన్నీ ఎవరు కడతారు? అందుకే పది." న్యాయంగానే ఉంది కదా అనిపించింది నాకు కూడా. అయినా మా వాడితో ఒక పని చేయించాను. సబ్‌మీటర్ ముందుభాగంలో ఎర్రటి చిన్న దీపం మినుకుతుంటుంది. మీటర్ మీద 3200 అని రాసి ఉంటే, అది 3200 సార్లు మినుకితే ఒక యూనిట్ అయినట్టు. పోర్షన్‌లో మెయిన్ స్విచ్ ఆపేసి దాన్ని చూడమన్నాను. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆగిపోయాయి కాబట్టి దీపం కదలకూడదు. పొద్దున ఆరింటికి, ట్యాంక్ నిండే వేళకు, నిమిషానికి నలభై అయిదు సార్లు మినుకుతోంది. అంటే గంటకు యూనిట్‌లో పదింట ఎనిమిది పాళ్లకు పైగా. మోటరు మా వాడి సబ్‌మీటర్‌కే తగిలించి ఉంది! మోటరు కరెంటు యూనిట్లలో ఒకసారి, పది రూపాయల రేటులో ఇంకోసారి కడుతున్నాడు వాడు.

మిగతా వరుసల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫిక్స్‌డ్ చార్జీ మంజూరైన లోడును బట్టి వస్తుంది. నువ్వు నెలంతా ఊళ్లో లేకపోయినా వస్తుంది, కాబట్టి "నీ గీజరు వల్లే" అనే మాటకు అర్థం లేదు. పాత బకాయి అని ఉంటే అది ఎప్పటిదో అడగాలి. ఏసీడీ అనే వరుస ఉంటే మాత్రం కాస్త ఆగండి. అది అదనపు డిపాజిట్. వడ్డీతో సహా సర్వీసు ఎవరి పేరున ఉందో వాళ్లకే చెందుతుంది. నువ్వు కట్టి ఖాళీ చేసి వెళ్లిపోతే నీ డబ్బు ఓనరుగారి పేరు మీద హాయిగా వడ్డీ తింటూ ఉంటుంది. దాన్ని అద్దెవాడి వాటాలో కలపడం నా దృష్టిలో అన్యాయం.

ఇక 2024 మార్చి నుంచి అమల్లోకొచ్చిన గృహజ్యోతి. అర్హత ఉన్న ఇంటికి 200 యూనిట్ల లోపు జీరో బిల్లు, అద్దెకుండేవారికీ వర్తిస్తుంది. విడి మీటర్లుంటే పై కాపురం 110, కింది కాపురం 180, రెండూ 200 లోపే. ఉమ్మడిగా 290 అయ్యేసరికి ఆ ముచ్చటే లేదు. ఇక జీరో బిల్లు వచ్చిన ఇళ్లలో కూడా పైవాడి దగ్గర యూనిట్‌కి పది వసూలు చేసే మహానుభావులుంటే, వాళ్లు సున్నాను ఫొటో తీసేటప్పుడు బొటనవేలు ఎక్కడ పెడతారో చూడాలని ఉంది.

అసలు ఈ ఫొటో కళ మొత్తం అనవసరం. బిల్లు మీద యూనిక్ సర్వీస్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్ ఒక్కటి చెబితే విద్యుత్ సంస్థ యాప్‌లో ఎవరైనా బిల్లు చూసుకోవచ్చు. వెలుగు పడదు, వేలు అడ్డం రాదు. మా వాడు 706 పంపి, నంబర్ అడిగాడు. మూడు రోజులైంది, నీలం టిక్కులు రెండూ పడ్డాయి, జవాబు రాలేదు. ఓనరుగారూ, ఆ నంబర్ ఒక్కటి పంపండి. మోటరు వైరు కూడా మీ వైపుకి మార్చండి.